"ఎంత అక్కా ఈ చీర?" నుంచి డబ్బు జమ అయ్యేదాకా: గద్వాల చీరల డీఎంలను అమ్మకాలుగా మార్చే పద్ధతి

ఇన్‌స్టాగ్రామ్‌లో చీర ఫోటో పెడితే డీఎంలు బాగానే వస్తాయి. ధర చెప్పగానే అవతలివాళ్లు మాయమవుతారు. "ఏం రాయాలి, ఎప్పుడు రాయాలి, ఆటోమేషన్ పెట్టుకోవచ్చా" అని చాలామంది అడుగుతున్నారు.

ఈ మార్గదర్శి కోసం ఒకే రకం దుకాణాన్ని తీసుకున్నాం. గద్వాలలో ఇంటి నుంచే చేనేత చీరలు అమ్ముతారు, పని చేసేది ఇద్దరు. ఇన్‌స్టాగ్రామ్ ఖాతా, వాట్సాప్ బిజినెస్ రెండూ ఉన్నాయి. చీరలు ఎక్కువగా ఒక్కో డిజైన్‌లో ఒక్కటే ఉంటాయి. ఈ చివరి విషయం గుర్తుంచుకోండి, ఆటోమేషన్ దగ్గరికి వచ్చేసరికి అసలు చిక్కు దాంతోనే. నారాయణపేట చీరలకైనా, పుట్టపాక తేలియా రుమాళ్లకైనా ఇదే పద్ధతి నడుస్తుంది.

## 1. ముందు పాత మెసేజ్‌లు చదవండి

రిప్లైలు రాసే ముందు ఒక గంట కూర్చుని, ఇటీవల వచ్చిన వంద చాట్‌లు తెరవండి. ఒక కాగితం మీద రెండు విషయాలే రాసుకోండి: వాళ్లు మొదట ఏం అడిగారు, చాట్ ఎక్కడ ఆగిపోయింది.

చీరల దుకాణానికి వచ్చే మొదటి ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ నాలుగే: ఎంత, ఉందా, ఇది నిజంగా చేనేతేనా, ఫలానా రోజుకు చేరుతుందా. వాళ్లు వాడిన మాటల్ని అలాగే రాసుకోండి. `entha akka`, ధర అడిగే `pp`, "ఎంతకిస్తరు", "రంగు పోతదా", "జర తక్కువ చేయరా" ఇలా. మీ రిప్లై ఆ మాటలకు జవాబులా ఉండాలి, కంపెనీ ప్రకటనలా ఉండకూడదు.

చాట్ ఆగిన చోటు ఇంకా ముఖ్యం. "₹6,800" అని ఒక్క అంకె పంపి ఊరుకున్న చాట్‌లు అన్నీ అక్కడే ఆగి ఉంటాయి. ధర ఎక్కువై ఆగాయని అనుకుంటాం కానీ, చాలాసార్లు ఆ మెసేజ్ తర్వాత కొనేవాళ్లు రాయడానికి ఏమీ మిగలలేదు. అంకె చూశారు, "సరే" అనుకున్నారు, ఫోన్ పక్కన పెట్టారు.

ఇంకో చోటు కూడా చూడండి. మీరు ఫాలో చేయనివాళ్ల మెసేజ్‌లు ఇన్‌స్టాగ్రామ్‌లో Requests లోకి పోతాయి, కొన్ని దానిలోపల Hidden Requests లోకి కూడా జారుతాయి. వాటికి నోటిఫికేషన్ రాకపోవచ్చు కాబట్టి రోజుకు రెండుసార్లు మీరే తెరిచి చూడాలి. కొత్త కొనుగోలుదారులు ఉండేది అక్కడే.

## 2. జవాబు ఇచ్చే ముందు చేతిలో ఉండాల్సినవి

డీఎంలో ఆలస్యం టైపింగ్ వల్ల రాదు. ఫోటో వెతకడం, చీర ఇంకా ఉందో లేదో బీరువాలో చూడడం, ధర గురించి ఇంట్లో అడగడం, వీటి వల్ల వస్తుంది. అందుకే ఈ జాబితా పూర్తయ్యాకే రీల్ పెట్టండి.

- ప్రతి చీరకు ఒక నంబరు. GD-041 లాగ. చిన్న చీటీ మీద రాసి చీరకే పిన్ చేయండి, పోస్టు కింద కూడా అదే నంబరు రాయండి.
- ప్రతి చీరకు నాలుగు ఫోటోలు: పూర్తి చీర, కొంగు, అంచు దగ్గరగా, బాడీ–అంచు కలిసే చోటు వెనకవైపు.
- పగటి వెలుతురులో, ఫిల్టర్ లేకుండా తీసిన 15 సెకన్ల వీడియో. ట్యూబ్‌లైట్ కింద మెరూన్ ఒకలాగ, ఎండలో ఇంకోలాగ కనిపిస్తుంది. రాత్రి అడిగినవాళ్లకు పంపడానికి పగలే తీసి పెట్టుకోవాలి.
- బాడీ కాటనా, పట్టా, సీకోనా అన్నది. సీకో అంటే పట్టు, కాటన్ కలిపి నేసినది. బ్లౌజ్ ముక్క ఉందా లేదా అన్నది కూడా.
- పోస్టు ఖర్చు కలిపిన ఒకే ధర. కిందికి ఎంతవరకు వస్తారో, అసలు వస్తారో రారో ముందే తేల్చుకోండి.
- స్టాక్ పుస్తకం. నోట్‌బుక్ అయినా, ఫోన్‌లో షీట్ అయినా ఒక్కటే ఉండాలి, ఇద్దరూ అందులోనే రాయాలి. ప్రతి చీర ఎదురుగా మూడింట్లో ఒకటి: ఉంది, పెట్టాం, పోయింది.
- వెనక్కి తీసుకునే నియమం రెండు వాక్యాల్లో.

పోస్టులో ధర రాయకుండా "డీఎం చేయండి" అని పెట్టే అలవాటు మానేయమనే మా సలహా. డీఎంల సంఖ్య పెరుగుతుంది నిజమే. అయితే వాటిలో సగం రెండు వేల చీర వెతుకుతున్నవాళ్లవి. వాళ్లకు జవాబిస్తూ కూర్చుంటే ఏడు వేలు పెట్టడానికి సిద్ధంగా ఉన్న మనిషి గంటసేపు ఎదురుచూస్తుంది.

పోస్టు నుంచి వాట్సాప్‌కు వచ్చేవాళ్లు చీర నంబరుతో సహా రావాలంటే, స్టోరీలో ఈ లింకు పెట్టండి. నొక్కగానే చీర నంబరు వాళ్ల మెసేజ్ పెట్టెలో ముందే టైపై ఉంటుంది.

```
https://wa.me/91XXXXXXXXXX?text=GD-041
```

91 తర్వాత మీ పది అంకెల నంబరు, ముందు ప్లస్ గుర్తు కానీ సున్నా కానీ వద్దు. "నిన్న పెట్టిన ఆకుపచ్చ చీర" ఏదో వెతుక్కునే పని దీంతో తప్పుతుంది.

## 3. మొదటి జవాబు: నాలుగు ముక్కలు, ఒక ప్రశ్న

మొదటి జవాబులో ఈ నాలుగు, ఇదే వరుసలో ఉండాలి.

1. ధర, అందులో ఏమేం కలిసి ఉన్నాయో.
2. చీర ఏమిటో ఒక వాక్యంలో.
3. ఇప్పుడు ఉందా లేదా.
4. వాళ్లు తేలిగ్గా జవాబు చెప్పగలిగే ఒక్క ప్రశ్న.

ఇలా:

> GD-041 ₹6,800 అండి, పోస్టు ఖర్చు అందులోనే. బాడీ కాటన్, అంచు–కొంగు పట్టు, బ్లౌజ్ ముక్క ఉంది. ఒకటే చీర, ఇప్పటికైతే ఉంది. మీకు ఏ రోజుకు కావాలి?

చివరి ప్రశ్న ఏది అన్నదాంట్లోనే చాలామంది తప్పు చేస్తారు. "కావాలా అండి?" అని అడిగితే జవాబు అవును లేదా కాదు. ఇంకా నిర్ణయించుకోని మనిషి ఆ రెండూ చెప్పలేక మౌనంగా ఉంటుంది. "ఏ రోజుకు కావాలి?" అంటే కొంటానని ఒప్పుకోకుండానే జవాబు చెప్పొచ్చు. పైగా ఆ జవాబు మీకు పనికొస్తుంది: పెళ్లికా, బతుకమ్మకా, ఊరికే చూస్తున్నారా అన్నది తెలిసిపోతుంది, పోస్టులో పంపితే అందుతుందా లేదా అన్నదీ తేలుతుంది.

రెండు ప్రశ్నలు ఒకేసారి అడగకండి. "ఏ రోజుకు, ఏ ఊరు, ఏ రంగు, బడ్జెట్ ఎంత" అని నాలుగు వేస్తే దరఖాస్తు ఫారంలా ఉంటుంది, ఎవరూ నింపరు.

ధర అడిగినవాళ్లను వెంటనే "వాట్సాప్‌కు రండి" అని పంపడం ఇంకో సాధారణ తప్పు. ఇన్‌స్టాగ్రామ్‌లో అడిగినవాళ్లకు ఇన్‌స్టాగ్రామ్‌లోనే చెప్పండి. చిరునామా, డబ్బు దాకా వచ్చాక మాత్రమే వాట్సాప్‌కు మార్చండి. అప్పటికి వాళ్లకు కదలడానికి కారణం ఉంటుంది.

పిలుపు గురించి ఒక మాట. వాళ్లు "అక్కా" అంటే మీరూ "అక్కా" అనొచ్చు. లేకపోతే "అండి" చాలు. ప్రొఫైల్ పేరు చూసి ఆడా మగా ఊహించి "మేడమ్" అని మొదలుపెట్టకండి. భార్యకు చీర కొనే మగవాళ్లు తక్కువేం కాదు.

## 4. క్విక్ రిప్లైలు పెట్టుకోవడం

వాట్సాప్ బిజినెస్‌లో Business tools తెరిచి Quick replies లోకి వెళ్లండి. కొత్తది చేర్చి, మెసేజ్ రాసి, దానికి ఒక పొట్టి పేరు ఇవ్వండి. తర్వాత ఏ చాట్‌లోనైనా `/` నొక్కి ఆ పేరు టైప్ చేస్తే మెసేజ్ వస్తుంది. 50 దాకా పెట్టుకోవచ్చు, కానీ ఈ దుకాణానికి ఆరేడు చాలు. ఎక్కువైతే ఏది ఎక్కడుందో గుర్తుండదు.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఇదే పనికి Saved replies ఉంది. ఖాతా ప్రొఫెషనల్‌గా మార్చి ఉంటేనే కనిపిస్తుంది. రెండుచోట్లా ఒకే పొట్టి పేర్లు పెట్టుకుంటే చేయి అలవాటు పడుతుంది.

ఈ ఆరింటితో మొదలుపెట్టండి.

`/dhara` — పైన చెప్పిన మొదటి జవాబు. నంబరు, ధర, బాడీ రకం ఉన్నచోట `***` పెట్టండి.

`/asali` — "చేనేతేనా" అన్నదానికి. "గద్వాల మగ్గం మీద నేసిందే అండి. అంచు, బాడీ కలిసే చోటు వెనకవైపు ఎలా ఉంటుందో వీడియోలో చూపిస్తున్నాం. దగ్గర నుంచి ఇంకేదైనా చూడాలంటే చెప్పండి." దీని వెంటే ఆ చీర వీడియో పంపాలి. వీడియో లేకుండా మాట మాత్రమే పంపితే ఎవరూ నమ్మరు.

`/rangu` — "ఫోన్ స్క్రీన్‌ను బట్టి రంగు కొంచెం మారి కనిపిస్తుంది. ఇది పగటి వెలుతురులో తీసిన వీడియో. మొదటిసారి డ్రైవాష్ చేయించండి." రంగు అస్సలు పోదు అని రాయకండి. నిజంగా పోయిన రోజు ఆ మెసేజ్‌నే మీకు తిప్పి పంపుతారు.

`/cheruta` — ఎప్పటికి చేరుతుంది. పోస్టు కట్టే సమయం, మామూలుగా పట్టే రోజులు. రోజులు రాసేటప్పుడు రెండు మూడు రోజులు కలిపే చెప్పండి.

`/pettam` — చీర పక్కన పెట్టినట్టు. "GD-*** మీ పేరు మీద *** దాకా పెట్టాం అండి. ఆ తర్వాత అడిగినవాళ్లకు ఇస్తాం."

`/dabbu` — డబ్బు ఎలా పంపాలో. క్యూఆర్ చిత్రం, మొత్తం, యూపీఐ తెరిచినప్పుడు కనిపించే పేరు. ఆ పేరు ముందే చెప్పడం చాలా అవసరం. దుకాణం పేరు ఒకటి, బ్యాంకు ఖాతాలో ఇంట్లోవాళ్ల పేరు ఇంకొకటి ఉంటే కొనేవాళ్లు భయపడి అక్కడే ఆగిపోతారు.

`***` ఎందుకంటే, చుక్కలూ గీతలూ పెట్టిన ఖాళీలు కంటికి ఆనక అలాగే పంపేస్తుంటారు. నక్షత్రాలు వెంటనే కనిపిస్తాయి. ఖాళీలను మెసేజ్ చివర దాచకుండా మొదటి వరుసలోకి తెచ్చుకుంటే ఇంకా మంచిది.

క్విక్ రిప్లై పంపే ముందు కనీసం ఒక మాట మార్చండి. "రంగు పోతదా అక్కా, మా పాపకు తెల్ల బ్లౌజ్ మీదికి" అని అడిగిన మనిషికి `/rangu` ఉన్నదున్నట్టు పంపితే, ఆమె చెప్పిన తెల్ల బ్లౌజ్ సంగతి మీరు చదవలేదని తెలిసిపోతుంది. "తెల్ల బ్లౌజ్ అంటున్నారు కాబట్టి మొదటి డ్రైవాష్ అయ్యాకే కట్టించండి" అని ఒక వాక్యం ముందు చేర్చడానికి పది సెకన్లు చాలు.

## 5. లేబుళ్లు, చీర పక్కన పెట్టే నియమం

వాట్సాప్ బిజినెస్‌లో ప్రతి చాట్‌కు రంగు లేబుల్ వేయొచ్చు. మనకు నాలుగే కావాలి: ధర చెప్పాం, పెట్టాం, డబ్బు వచ్చింది, పోస్టు చేశాం. పొద్దున ఫోన్ తీయగానే "పెట్టాం" లేబుల్ తెరవాలి, అక్కడే ఈరోజు అమ్మకాలు ఉంటాయి.

ఒకే చీర ఉన్నప్పుడు నియమం ఇలా పెట్టుకోండి. పగలైతే రెండు గంటలు పెడతారు. రాత్రి తొమ్మిది తర్వాత అడిగితే మరునాడు పొద్దున పది దాకా. అదే చీరను రెండో మనిషి అడిగితే "ఇప్పుడు ఒకరి పేరు మీద ఉంది, రేపు పదింటికి తేలుతుంది, ముందు మీకే చెప్తాం" అని నిజం చెప్పాలి. వాళ్ల పేరు స్టాక్ పుస్తకంలో ఆ చీర ఎదురుగా రాసుకోవాలి.

లేని పోటీని సృష్టించి "ఇంకో ఐదుగురు అడుగుతున్నారు" అని తొందరపెట్టకండి. వారం తర్వాత అదే చీర మళ్లీ స్టోరీలో కనిపిస్తే మీ మాట విలువ పోతుంది. చేనేత చీరల విషయంలో ఒకటే ఉండడం నిజమే కదా, ఆ నిజం చెబితే సరిపోతుంది.

## 6. డబ్బు చూసుకోవడం

స్క్రీన్‌షాట్ డబ్బు కాదు. చెల్లించినట్టు నకిలీ స్క్రీన్‌షాట్ తయారుచేయడం చిన్న పని. మీ బ్యాంకు యాప్‌లో కానీ ఖాతా వివరాల్లో కానీ జమ కనబడ్డాకే "డబ్బు వచ్చింది" లేబుల్ వేయండి. ఎస్ఎంఎస్‌ను కూడా నమ్మొద్దు, బ్యాంకు నుంచి వచ్చినట్టు కనిపించే నకిలీవి ఉంటాయి.

ఇంకో మోసం కొత్త అమ్మకందారులకు తగులుతుంది. "డబ్బు పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటారు. డబ్బు అందుకోవడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు. పిన్ అడిగిందంటే మీ ఖాతాలోంచి పోతున్నట్టే.

క్యాష్ ఆన్ డెలివరీ అడిగేవాళ్లు ఉంటారు. ఇంత ధర ఉన్న ఒక్కటే చీరకు మేం వద్దనే అంటాం. పార్శిల్ తిరిగొస్తే రానూపోనూ ఖర్చు మీదే, పండుగ సీజన్‌లో ఆ పది పదిహేను రోజులు చీర దారిలోనే ఉంటుంది. నమ్మకం కోసం అడుగుతున్నారంటే వీడియో కాల్‌లో చీర, మగ్గం చూపించండి. తెలంగాణలోపల అయితే ఆర్టీసీ కార్గోలో వేసి రసీదు ఫోటో పంపొచ్చు, వాళ్లు బస్టాండ్‌లో తీసుకుంటారు.

## 7. ఒక అమ్మకం మొదటినుంచి చివరిదాకా

ఇది ఊహించిన ఉదాహరణ, కానీ రోజూ జరిగేదే. సద్దుల బతుకమ్మకు ఇంకా తొమ్మిది రోజులు ఉంది. బుధవారం రాత్రి 8:10కి కరీంనగర్ నుంచి ఒకామె స్టోరీకి రిప్లై ఇచ్చింది.

> `entha akka idi`

8:16కి `/dhara`, నక్షత్రాలు నింపి. చివర "ఏ రోజుకు కావాలి అక్కా?"

> సద్దులకు కట్టుకోవాలె. వస్తదా అప్పటికి?

ఇక్కడ `/cheruta` ఉన్నదున్నట్టు వద్దు. ఆమె చెప్పిన రోజును పట్టుకునే రాయాలి. "రేపు మధ్యాహ్నంలోపు డబ్బు అందితే రేపే స్పీడ్ పోస్ట్‌లో వేస్తాం అక్కా. కరీంనగర్‌కు మామూలుగా మూడు నాలుగు రోజులు, పండుగ రద్దీ కాబట్టి ఐదారు అనుకోండి. సద్దులకు ముందే చేరాలి."

> ఫోటోల మెరూన్ లెక్క ఉంది, అసలుకు ఎట్లుంటది?

పగలు తీసి పెట్టుకున్న వీడియో వెళ్లింది. దాంతో ఒక వాక్యం: "ఎండలో చూస్తే మెరూన్ కంటే కొంచెం ఎరుపు ఎక్కువ అక్కా, వీడియోలో ఉన్నదే సరైన రంగు." రంగు గురించి ఆమె అనుకున్నది నిజం కాకపోతే ఇప్పుడే తెలియడం మేలు. చీర చేరాక తెలిస్తే అది తిరిగొచ్చే పార్శిల్.

> 6000 కి ఇయ్యరా అక్కా

బేరం వచ్చిందంటే మంచిదే, వద్దనుకున్నవాళ్లు బేరమాడరు. జవాబు: "దీనికి తక్కువ లేదు అక్కా, పోస్టు కూడా అందులోనే ఉంది. ఆరు వేలల్లో కావాలంటే GD-052 ఉంది, ఇదే బాడీ, అంచు చిన్నది. ఫోటో పంపమంటారా?" ధర తగ్గించకుండా ఇంకో దారి చూపించారు. ఇక్కడ ₹300 తగ్గించి ఉంటే, తగ్గుతుందని తెలిసి ఇంకో ₹300 కోసం మరో అరగంట నడుస్తుంది.

> వద్దు, పెద్ద అంచే బాగుంది. ఇంట్ల అడిగి చెప్త

ఇది కాదనడం కాదు. `/pettam` వెళ్లింది: "సరే అక్కా, GD-041 మీ పేరు మీద రేపు పొద్దున 10 దాకా పెట్టాం." లేబుల్ "పెట్టాం", స్టాక్ పుస్తకంలో అదే మాట. రాత్రి 9:40కి ఇంకొకరు అదే చీర అడిగారు, వాళ్లకు నిజం చెప్పి పేరు రాసుకున్నారు.

గురువారం పొద్దున 9:15కి ఒకే మెసేజ్. "అక్కా, GD-041 పదింటిదాకా మీదే. ఈరోజే పోస్టులో వేస్తే సద్దులకు నిమ్మళంగా అందుతది. క్యూఆర్ పంపమంటారా?" 9:32కి ఆమె "పంపండి" అంది. `/dabbu` వెళ్లింది, 9:40కి జమ అయింది, బ్యాంకు యాప్‌లో చూసుకున్నారు. చిరునామా, పిన్‌కోడ్, ఫోన్ నంబరు అడిగి, ఆమె పంపినదాన్ని తిరిగి ఆమెకే చూపించి సరిచూసుకున్నారు. సాయంత్రం పోస్టు రసీదు ఫోటో వెళ్లింది. రాత్రి అడిగిన రెండో మనిషికి "అది పోయింది అండి, ఈ రెండు దగ్గరగా ఉన్నాయి" అని రెండు ఫోటోలు.

మొత్తం అమ్మకంలో టైప్ చేసినవి పది పన్నెండు మెసేజ్‌లు. సగం క్విక్ రిప్లైలే, అమ్మకం జరిగింది మాత్రం మిగతా సగం వల్ల.

## 8. ఆటోమేషన్ ఎక్కడ సాయం

మీరు లేనప్పుడు ఎవరో ఉన్నారని చెప్పడానికి, మారని విషయాలు చెప్పడానికి, ఈ రెండింటికీ ఆటోమేషన్ పనికొస్తుంది.

వాట్సాప్ బిజినెస్‌లో Greeting message ఉంది. కొత్తగా మెసేజ్ చేసినవాళ్లకు, లేదా 14 రోజులుగా మాట్లాడనివాళ్లకు మాత్రమే వెళ్తుంది. అందులో పొగడ్తలు వద్దు: "చీర నంబరు పంపండి, ధర వెంటనే చెప్తాం. నంబరు తెలియకపోతే స్క్రీన్‌షాట్ పంపండి." ఇంతే.

Away message ను దుకాణం సమయాలు కాని వేళలకే పెట్టండి. ఎప్పుడు జవాబు వస్తుందో గంటతో సహా రాయండి. "త్వరలో స్పందిస్తాం" కన్నా "రేపు పొద్దున 9:30కి జవాబిస్తాం" మేలు, కానీ 9:30కి నిజంగా ఇవ్వాలి. దాన్ని Always లో వదిలేస్తే మీరు పక్కనే కూర్చుని టైప్ చేస్తున్నా "ప్రస్తుతం అందుబాటులో లేము" అని వెళ్తూ ఉంటుంది. ఇది చాలా దుకాణాల్లో చూస్తాం.

పోస్టు చేశాక ట్రాకింగ్ నంబరు పంపడం, దుకాణం చిరునామా, సమయాలు, ఇవి కూడా యంత్రానికి వదిలేయొచ్చు.

## 9. ఎక్కడ చెడగొడుతుంది

కామెంట్‌లో ఫలానా మాట రాస్తే వాళ్లకు డీఎం వెళ్లే ఏర్పాటు ఇప్పుడు అందరూ పెడుతున్నారు. ఒకే డిజైన్‌లో రెండు వందల కుర్తీలు ఉన్నవాళ్లకు అది బంగారం. ఒక్కటే చీర ఉన్నవాళ్లకు కాదు. రీల్ బాగా తిరిగి ఎనభై మంది కామెంట్ పెడితే, ఎనభై మందికీ "ఉంది, ₹6,800" అని వెళ్తుంది. మొదటామె పావుగంటలో కొంటుంది, మిగతా డెబ్బై తొమ్మిది మందికి మీరు అబద్ధం చెప్పినట్టే. వాళ్లలో కొందరు ఆపాటికే డబ్బు కూడా పంపి ఉంటారు, వెనక్కి ఇచ్చే పని అదనం.

ఆ ఏర్పాటు వాడాలనే ఉంటే ఆటో మెసేజ్‌లో "ఉంది" అన్న మాట తీసేయండి. "ధర ₹6,800. ఒకటే చీర, ఇంకా ఉందో లేదో చూసి చెప్తాం. ఏ రోజుకు కావాలి?" అని మాత్రమే పంపండి. వాళ్లు జవాబిస్తే ఇక మనిషే మాట్లాడాలి.

ఒక పరిమితి కూడా తెలుసుకోండి. మెటా నియమాల ప్రకారం ఒక కామెంట్‌కు ఇలా ఒకే ప్రైవేట్ మెసేజ్ పంపొచ్చు, అదీ కామెంట్ పెట్టిన ఏడు రోజుల్లోపు. వాళ్లు తిరిగి రాస్తేనే మాట ముందుకు సాగుతుంది, వాళ్ల చివరి మెసేజ్ నుంచి 24 గంటలదాకా ఆటో రిప్లైలు నడుస్తాయి. అందుకే ఆ మొదటి మెసేజ్‌లో ప్రశ్న లేకపోతే ఆ అవకాశం పోయినట్టే.

ఈ నాలుగు వస్తే యంత్రం వెంటనే తప్పుకోవాలి:

- బేరం
- ఫోటో లేదా వాయిస్ మెసేజ్
- "రాలేదు", "చిరిగింది", "మోసం", "డబ్బు కట్ అయింది" లాంటి మాటలు
- ఒకే ప్రశ్న రెండోసారి

చిరిగిన చీర ఫోటో పంపినామెకు "మా దుకాణానికి స్వాగతం! ధరల కోసం 1 నొక్కండి" అని వెళ్లిందంటే, ఆ చాట్ స్క్రీన్‌షాట్ మరునాడు మీ పోస్టు కింద కామెంట్‌లోనే కనిపిస్తుంది.

నంబర్లు కొనుక్కుని వందలమందికి ఒకేసారి పంపే అనధికార సాఫ్ట్‌వేర్లు, మార్పుచేసిన వాట్సాప్ యాప్‌లు అసలు ముట్టుకోకండి. నంబర్ బ్యాన్ అవుతుంది, దాంతోపాటు పాత కొనుగోలుదారుల చాట్‌లన్నీ చేజారతాయి. పాతవాళ్లకు కొత్త చీరలు చూపాలంటే బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ ఉంది. ఒక లిస్ట్‌లో 256 మంది, అదీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అందుతుంది. అందుకే రసీదు పంపేటప్పుడే "మా నంబరు సేవ్ చేసుకోండి, కొత్తవి వస్తే పంపుతాం" అని అడగండి.

ఏ ఆటోమేషన్ పెట్టినా ముందు ఇంట్లో ఇంకో ఫోన్ నుంచి పరీక్షించండి. `pp` అని పంపండి, తెలుగులో "ఎంత" అని పంపండి, "వద్దు" అని పంపండి, ఒక ఫోటో పంపండి. "వద్దు" అన్న మనిషికి క్యూఆర్ వెళ్లిందంటే ఆ రోజు దాన్ని ఆపేయండి.

## 10. మళ్లీ ఎప్పుడు అడగాలి

ధర చెప్పాక జవాబు రాకపోతే మరునాడు ఒకసారి. కొత్త విషయం ఉంటేనే: వీడియో, లేదా దగ్గరి ధరలో ఇంకో చీర, లేదా పోస్టు చివరి తేదీ. "ఏమైంది అండి?" అనేది కొత్త విషయం కాదు. దానికీ జవాబు లేకపోతే వదిలేయండి. తర్వాతి సీజన్‌లో వాళ్లే వస్తారు, అప్పుడు పాత చాట్ పైకి జరిపి చూస్తే ఏ రంగు అడిగారో తెలుస్తుంది.

రెండోసారి మెసేజ్‌లో ధర తగ్గించకండి. మౌనంగా ఉంటే తగ్గుతుందని ఒకసారి తెలిస్తే వాళ్లు ప్రతిసారీ మౌనంగానే ఉంటారు, పక్కవాళ్లకూ చెప్తారు.

## 11. ఆదివారం పది నిమిషాల లెక్క

వారానికి ఒకసారి నాలుగు అంకెలు రాయండి: ఎంతమంది అడిగారు, ఎంతమంది మీ మొదటి ప్రశ్నకు జవాబిచ్చారు, ఎన్ని చీరలు పక్కన పెట్టారు, ఎన్నింటికి డబ్బు వచ్చింది.

- అడిగారు కానీ మీ ప్రశ్నకు జవాబు రాలేదంటే: మొదటి జవాబు ఆలస్యమైంది, లేదా చివర ప్రశ్న లేదు, లేదా పోస్టులో ధర రాయలేదు.
- జవాబిచ్చారు కానీ పక్కన పెట్టేదాకా రాలేదంటే: వీడియోలు బాగాలేవు, లేదా చేరే రోజు గురించి నమ్మకంగా చెప్పలేకపోయారు.
- పెట్టారు కానీ డబ్బు రాలేదంటే: గడువు చెప్పలేదు, లేదా యూపీఐలో కనిపించే పేరు చూసి భయపడ్డారు.

ఒక వారంలో ఒకటే మార్చండి. రెండు మార్చి అమ్మకాలు పెరిగితే ఏది పనిచేసిందో తెలియదు. బతుకమ్మ, దసరా ముందు వారాల అంకెల్ని మామూలు వారాలతో పోల్చకండి, ఆ రోజుల్లో ఎలా రాసినా చీరలు పోతాయి.